మామయ్య పంపిన ఫోటోలో మచ్చలే ఉన్నాయి, మాట లేదు

ప్రశ్న: నేను వ్యవసాయ డిప్లొమా చదివాను. మా మేనమామ వరి వేస్తారు. ఆయన దగ్గర్నుంచి నెలకు రెండు మూడు సార్లు ఫోన్‌కి ఒక ఫోటో వస్తుంది. మచ్చలున్న ఆకు, అంతే. ఒక్క ముక్క కూడా రాయరు. పోయిన నెల అలాగే గోధుమరంగు మచ్చలున్న ఆకు పంపితే అగ్గి తెగులు అనుకుని ట్రైసైక్లజోల్ కొట్టమన్నాను, యూరియా ఆపమన్నాను. ఆయన అలాగే చేశారు. వారం తర్వాత మళ్లీ అలాంటి ఫోటోనే వచ్చింది, ఈసారీ మాట లేదు. నేను చెప్పింది తప్పేమోనని అప్పట్నుంచీ టెన్షన్. ఇప్పుడు ఆయన స్నేహితులు కూడా ఫోటోలు పంపుతున్నారు. ఎదురు ప్రశ్నలు వేస్తే "చదువుకున్నావు కదా, చూస్తే తెలీదా" అంటారేమోనని మొహమాటం. నిన్న మామయ్య ఇంకో ఫోటో పంపారు. ఇంకా జవాబివ్వలేదు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ రెండో ఫోటో సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ టెన్షన్ అక్కడే మొదలైంది. మందు కొట్టిన వారానికి మచ్చలున్న ఆకు కనిపించినంత మాత్రాన మందు పనిచేయలేదని చెప్పలేం, పనిచేసిందనీ చెప్పలేం. ఆకు మీద ఒకసారి పడిన మచ్చ ఏ మందుకీ పోదు. అక్కడ ఆకు చచ్చిపోయింది కాబట్టి ఆ ఆకు ఎండిపోయేదాకా మచ్చ అలాగే ఉంటుంది. మందు పనిచేసిందా లేదా అనేది కొట్టిన తర్వాత విచ్చుకున్న కొత్త ఆకులో చూడాలి. మామయ్య ఏ ఆకు తెంచారో మీకు తెలీదు. నేను చూసినంతలో రైతులు ఫోటో కోసం తెంచేది చేనంతట్లో ఎక్కువ మచ్చలున్న ఆకునే, నొప్పి ఉన్న చోటే కదా ఎవరైనా చూపించేది. కాకపోతే అలాంటి ఆకు చాలాసార్లు కింద ఉన్న ముదురాకు అవుతుంది, దాని మీద ఉన్నది నెల కిందటి కథ కూడా కావచ్చు.

ఇక మొదటి జవాబు. మీరు తప్పు చెప్పారో లేదో నాకూ తెలీదు, ఎందుకంటే మీకు తెలియని విషయాలే నాకూ తెలీదు. అయితే తప్పు అయ్యుంటే నష్టం మందులో కంటే యూరియాలో ఎక్కువ జరిగి ఉండొచ్చు. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను.

వరి ఆకు మీద గోధుమరంగు మచ్చలు తెచ్చేవాటిలో మూడింటిని తీసుకోండి: అగ్గి తెగులు, గోధుమ రంగు మచ్చ తెగులు, జింకు లోపం. పుస్తకంలో బొమ్మలు చూస్తే మూడూ వేర్వేరుగానే ఉంటాయి. అగ్గి తెగులు మచ్చ నూలుకండె ఆకారంలో రెండు కొసలూ సన్నగా, మధ్యలో బూడిద రంగుతో ఉంటుంది. గోధుమ రంగు మచ్చ నువ్వుగింజలా గుండ్రంగానో కోలగానో ఉండి ఆకంతా చల్లినట్టు పరుచుకుంటుంది. జింకు లోపంలో తుప్పు రంగు మచ్చలు వస్తాయి, వాటితోపాటు ఆకు మొదట్లో మధ్య ఈనె తెల్లబారుతుంది, పైరు గిడసబారుతుంది. చదివినప్పుడు ఇంత స్పష్టంగా ఉంటుంది, చేలో అలా ఉండదు. అగ్గి తెగులు మచ్చ మొదటి రోజుల్లో సూదిమొనంత గోధుమరంగు చుక్క, గోధుమ రంగు మచ్చ తెగులు కూడా మొదట్లో అంతే. పైగా తెగులును కొంత తట్టుకునే రకమైతే అగ్గి తెగులు ఆ చుక్క దగ్గరే ఆగిపోతుంది, నూలుకండె ఆకారం రానే రాదు. దీనికి తోడు ఫోన్ కెమెరా మచ్చ మీద ఫోకస్ చేయక వెనకున్న అరచేతి మీద చేస్తే, మీరు చూస్తున్నది రెండు పిక్సెళ్ల మసక.

ఇప్పుడు వీటికి చేయాల్సిన పని చూడండి. అగ్గి తెగులైతే నత్రజని ఎక్కువైన మెత్తటి పైరు మీద రెచ్చిపోతుంది కాబట్టి యూరియా ఆపాలి. గోధుమ రంగు మచ్చ తెగులు చాలావరకు తిండి చాలని పైరు మీద వస్తుంది. పొటాష్ తక్కువైన నేల, నీళ్లు సరిగ్గా అందని మడి, ఎరువు పడని పైరు అన్నమాట. అక్కడ యూరియా ఆపితే ఆకలితో ఉన్న పైరుకి ఉపవాసం పెట్టినట్టే. జింకు లోపంలో యూరియా ఎంత వేసినా పైరు పచ్చబడదు, రైతు చాల్లేదేమో అనుకుని ఇంకొంచెం వేస్తాడు. మందు సంగతీ ఇలాగే ఉంటుంది. ట్రైసైక్లజోల్ అగ్గి తెగులు శిలీంధ్రం ఆకులోకి గుచ్చుకుని దిగకుండా అడ్డుకునే మందు. ముందుగా పడితే బాగా కాపాడుతుంది, లోపలికి దిగిపోయిన తెగులుకి పెద్దగా ఏమీ చేయదు, గోధుమ రంగు మచ్చకి దాన్ని నమ్ముకోలేం, జింకు లోపానికి అసలు సంబంధమే లేదు.

నేనూ ఒకసారి ఇదే పని చేశాను. మబ్బు పట్టిన వారంలో ఫోటో వచ్చింది, మబ్బు అనగానే బుర్రలో అగ్గి తెగులు మెదిలింది, యూరియా ఆపండి అని చెప్పేశాను. పది రోజుల తర్వాత చేను చూస్తే ఆకులన్నీ లేత పసుపు, కింద నుంచి పైదాకా నువ్వుగింజల మచ్చలు. పిలకలు వేసే టైములో పైరుకి రెండో దఫా ఎరువు అందకుండా చేసింది నా సలహా. ఆయన నన్ను ఏమీ అనలేదు, అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

అందుకే ఫోటో రాగానే మచ్చ వైపు చూడటం కాసేపు ఆపండి. పైరు ఏది, వయసెంత, పోయిన వారం వాతావరణం ఎలా ఉంది, ఈ మూడూ తెలిశాక మచ్చ చూస్తే అదే ఫోటో వేరేగా కనిపిస్తుంది.

పైరు ఏదో మీ మామయ్య విషయంలో తెలుసు కాబట్టి అది ప్రశ్నే కాదనుకుంటాం. ఆయన స్నేహితుల ఫోటోలకి మాత్రం తప్పకుండా అడగండి. ఆకు మధ్య భాగం ఒక్కటే దగ్గరగా తీస్తే అది వరో, వరిలో పెరిగిన ఊద గడ్డో చెప్పడం మనకీ కష్టమే. ఆకు కాడను పట్టుకునే చోట వరికి పల్చటి పొర నాలుకలా ఉంటుంది, ఊదకి ఉండదు, కానీ ఫోటోలో ఆ చోటు కనిపించాలి కదా. వరి అని తేలాక రకం పేరు కూడా అడగండి, అది పైన చెప్పిన సూదిమొన చుక్కల గొడవ తీరుస్తుంది. అగ్గి తెగులుకి సులువుగా లొంగే రకంలో చుక్కలు చుక్కలుగానే మిగిలిపోతే అనుమానం వేరే వైపు తిప్పుకోవచ్చు.

వయసు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. "ఏ దశలో ఉంది" అని అడిగితే పుస్తకం ప్రశ్నలా ఉంటుంది, "నాటి ఎన్ని రోజులైంది" అంటే ఠక్కున చెప్తారు. నాటిన రెండు వారాల నుంచి నాలుగు వారాల మధ్య, అక్కడక్కడా గుంపులుగా గిడసబారి, యూరియా వేసినా తిప్పుకోలేదంటే నా మొదటి అనుమానం జింకు మీదే. అదే మచ్చలు పొట్ట దశలో మొదటిసారి కనబడ్డాయంటే జింకు వెనక్కి వెళ్తుంది, అగ్గి తెగులు మీద భయం ముందుకొస్తుంది. భయం ఆకు గురించి కూడా కాదు. ఆకు మీదున్న తెగులు కంకి బయటికొచ్చే టైముకి మెడకి పాకితే కంకి విరిగి తాలు గింజలే మిగులుతాయి. మెడ నల్లబడ్డాక కొట్టేది ఏదీ దాన్ని వెనక్కి తీసుకురాదు. ఇంకా ముందుకెళ్లి గింజ గట్టిపడే దశ అనుకోండి, అప్పటికి కింది ఆకులు ఎటూ ముదిరి మచ్చలు పడి ఎండుతాయి. ఆ ఫోటో చూసి మందు చెప్పామంటే రైతుకి ఖర్చు, గింజ మీద మందు అవశేషం, దిగుబడిలో మార్పు సున్నా. ఒకే ఫోటోకి మూడు వయసుల్లో మూడు జవాబులు వచ్చాయి చూశారా, మూడోదానికి "ఏమీ చేయకండి" అనేదే జవాబు.

వాతావరణం దగ్గర అందరూ చేసే పొరపాటు ఈ రోజు ఎండా వానా అని అడగడం. ఈ రోజు కనిపించే అగ్గి తెగులు మచ్చ ఈ రోజుది కాదు. బీజం ఆకు మీద పడి లోపలికి దిగడానికి ఆకు మీద తడి గంటల తరబడి, ఇంచుమించు ఒక రాత్రంతా ఆరకుండా ఉండాలి. దిగాక మచ్చ మన కంటికి కనబడటానికి ఇంకో అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. కాబట్టి మీకు కావాల్సింది పోయిన వారం రాత్రుల సంగతి. చలిగా ఉన్నాయా, మంచు పడిందా, పగలు మబ్బుగా ఉందా. వర్షపాతం ఎంత అనేదానికంటే ఆకు ఎంతసేపు తడిగా ఉందన్నది ముఖ్యం. దానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది: పొద్దున చేలోకి దిగితే బట్టలు తడుస్తున్నాయా, ఎన్ని గంటలకి ఆరుతోంది? తొమ్మిది పది దాకా తడుస్తూనే ఉందంటే అగ్గి తెగులుకి కావాల్సింది దొరికినట్టే. రెండు వారాలుగా ఎండ మండిపోతోంది, రాత్రుళ్లు కూడా వేడిగా ఉన్నాయి, మంచు లేదు అంటే మచ్చ ఎంత నూలుకండెలా కనిపించినా నేను తొందరపడి అగ్గి తెగులు అనను.

ఈ వాతావరణం మాటల్లోనే ఇంకో విషయం బయటికొస్తుంది: ఈ వారం పది రోజుల్లో చేలో ఏం వేశారు, ఏం కొట్టారు అని. రెండు మూడు మందులు కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టినా, పక్క చేలో కొట్టిన కలుపు మందు గాలికి ఇటు పడినా మచ్చలు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే అన్నీ ఒకే ఈడు మచ్చలుగా కనిపిస్తాయి, తర్వాత వచ్చిన ఆకు శుభ్రంగా ఉంటుంది, చాలాసార్లు ఒక గట్టు వైపు ఎక్కువగా ఉంటుంది. తెగులైతే చిన్నవీ పెద్దవీ పాతవీ కొత్తవీ కలిసి ఉంటాయి.

ఇక మొహమాటం గురించి. మామయ్య ఏమీ రాయకపోవడానికి ఫోన్‌లో తెలుగు టైపు చేయడం చిరాకు అనేది చాలావరకు సరిపోయే కారణం. మీరు కూడా టైపు చేయకండి, వాయిస్ మెసేజ్ పెట్టండి లేదా ఫోన్ చేయండి. "మామయ్యా, ఫోటో చూశాను. ఈ మచ్చకి రెండు మూడు కారణాలు ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక్కో మందు. నాటి ఎన్ని రోజులైంది? పోయిన వారం పొద్దున్నే మంచు పడిందా? ఈ మధ్య చేలో ఏం వేశారు?" ఇంతే. ఇవన్నీ ఆయనకి మీకంటే బాగా తెలిసిన విషయాలు, అలాంటివి అడిగితే రైతులు విసుక్కోగా నేను పెద్దగా చూడలేదు. వాళ్లు విసుక్కునేది "తెగులు లక్షణాలు వివరించండి" లాంటి మాటలకి.

ఫోటోలు కూడా మళ్లీ అడగండి. గట్టు మీద నిలబడి చేనంతా కనబడేలా ఒకటి, వేళ్లతో పీకిన మొక్క మొత్తం ఒకటి, తెంచకుండా మొక్క మీదే ఉన్న మచ్చల ఆకు పక్కన పెన్ను పెట్టి ఒకటి. పెన్ను ఉంటే మచ్చ సైజు తెలుస్తుంది. తెంచిన ఆకు కాసేపటికే చుట్టుకుపోతుంది, అందుకే తెంచొద్దనడం. ఎప్పుడు తీశారో కూడా అడగండి, మెసేజ్‌లో వచ్చిన ఫోటోలో తీసిన తేదీ సాధారణంగా ఉండదు. స్నేహితుల ఫోటోలైతే అది వాళ్ల చేనేనా అని కూడా అడగండి, ఎవరో పంపింది ముందుకి తోసినవి బోలెడు తిరుగుతుంటాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, పోయిన నెలలాగే చూసి పేరు చెప్పేయడం. మామయ్య వెంటనే సంతోషిస్తారు, మీరు కొన్నిసార్లు కరెక్ట్ కూడా అవుతారు, తప్పయినప్పుడు ఎందుకు తప్పయిందో మాత్రం ఇద్దరికీ తెలీదు. రెండోది, అడిగి ఒక రోజు ఆగడం. జింకు లోపానికో గోధుమ రంగు మచ్చకో ఒక రోజు ఆలస్యం లెక్కే కాదు. నారుమడిలో మచ్చలు, లేదా కంకి బయటికొచ్చే ముందు మచ్చలు, మంచు రాత్రులు, ఈ కలయిక ఉంటే మాత్రం రోజుకి విలువ ఉంది, అప్పుడు మెసేజ్ పెట్టి కూర్చోకుండా ఫోన్ చేయండి. మూడోది చాలామంది చేసేది, ఏదో ఒకటి తగులుతుందని శిలీంధ్ర నాశిని, జింకు సల్ఫేటు, ఇంకేదో కలిపి ఒకే ట్యాంకులో కొట్టించడం. జింకు సల్ఫేటు పురుగు మందులతో, తెగుళ్ల మందులతో కలపకూడదు, కలిపితే ఆకు మాడి కొత్త మచ్చలొస్తాయి, ఆ ఫోటో కూడా మీకే వస్తుంది. నాకు ఈ మూడో దారి అసలు ఇష్టం లేదు. నాలుగోది, వెళ్లి చూడటం. దగ్గరైతే దీన్ని మించింది లేదు, చేలో అయిదారు చోట్ల కింది ఆకు, పై ఆకు, వేరు చూసి రావచ్చు. వెళ్లలేక, అనుమానమూ తీరకపోతే మచ్చలాకులు కాగితంలో చుట్టి పరీక్షకి పంపించమనండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకి బూజు పట్టి అసలు తెగులు కనబడదు.

నిన్నటి ఫోటోకి మీరు ఫోన్ చేశారనుకుందాం. మామయ్య "నాటి ఇరవై నాలుగు రోజులైంది, వానల్లేవు, మంచు లేదు, యూరియా వేసి వారమైనా పచ్చబడలేదు, మధ్యమధ్యలో చాపల్లా పొట్టిగా ఉంది" అన్నారు. మొక్క మొత్తం ఫోటోలో ఆకు మొదట్లో ఈనె తెల్లగా ఉంది. అప్పుడు జింకు సల్ఫేటు లీటరు నీటికి రెండు గ్రాములు, అయిదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు, అది ఒక్కటే, వేరే ఏదీ కలపకుండా కొట్టమనండి. తెగులు మందు వద్దని గట్టిగా చెప్పండి, ఎందుకంటే పోయిన నెల మీరే చెప్పారు కాబట్టి ఆయన ఈసారీ కొట్టేస్తారు.

అలా కాకుండా "అరవై రోజులైంది, పొట్ట మీద ఉంది, వారం నుంచి మంచు విపరీతంగా పడుతోంది, మొన్ననే యూరియా వేశాను, మచ్చలు పై ఆకుల మీదికి కూడా వచ్చాయి" అన్నారనుకోండి. ఇక ఆలోచించక్కర్లేదు, యూరియా ఆపి ఆ రోజే అగ్గి తెగులు మందు. ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందైతే లీటరు నీటికి 0.6 గ్రాములు, డబ్బా మీద రాసిన మోతాదు కూడా ఒకసారి చదివించుకోండి. ఈ దశలో ఆ మందు సరైనదే, ఎందుకంటే కాపాడాల్సింది ఇంకా బయటికి రాని మెడని.

ఈ రెండూ కాక మధ్యలో ఏదో చెప్తారు, ఎక్కువసార్లు అదే జరుగుతుంది. యాభై రోజులు, అప్పుడప్పుడు మంచు, పైరు కొంచెం పాలిపోయింది, మచ్చలు కింది ఆకుల మీదే ఉన్నాయి, ఇలాగ. అప్పుడు "నాకు గోధుమ రంగు మచ్చ అనిపిస్తోంది, అగ్గి తెగులు కాదని మాత్రం చెప్పలేను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. పోయిన నెల మీ మాట మీద ఆపిన యూరియా మళ్లీ వేశారో లేదో కూడా అప్పుడే అడగండి, పాలిపోవడానికి అదే కారణం కావచ్చు.

ఏది చెప్పినా ఒక పని మాత్రం చేయించండి. మచ్చలున్న అయిదారు మొక్కల్లో ఇప్పుడు అన్నిటికంటే పైనున్న ఆకు మొదట్లో రంగు దారం వదులుగా కట్టమనండి. వారం పోయాక దారానికి పైన వచ్చిన ఆకుల్ని మాత్రమే ఫోటో తీసి పంపమనండి. పొట్ట మీదున్న పైరులో కొత్త ఆకులు ఇక రావు కాబట్టి అక్కడ ఆకుకి బదులు, కంకి బయటికొచ్చాక దాని మెడ ఫోటో అడగండి.